పాలు పడని కడుపుకి ఏ ప్రోటీన్ పౌడర్? వే, సోయా, బఠానీ పౌడర్లలో మీకు సరిపడేది తేల్చుకునే పద్ధతి

"ప్రోటీన్ పౌడర్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి కడుపు ఉబ్బిపోతోంది. వే మానేసి ప్లాంట్ ప్రోటీన్‌కి మారిపోనా?" బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. వే అంటే పాల నుంచి తీసే ప్రోటీన్, ప్లాంట్ ప్రోటీన్ అంటే సోయా, బఠానీ లాంటి మొక్కల నుంచి తీసేది. డబ్బా మార్చేముందు ఒక్కటి తేల్చుకోవాలి. కడుపుని ఇబ్బంది పెడుతున్నది పౌడర్‌లోని లాక్టోజ్ అనే పాల చక్కెరా, పౌడర్ కలుపుకునే పాలా, లేక డబ్బాలో ప్రోటీన్‌తో పాటు వచ్చిన ఇంకేదైనా పదార్థమా? ఇది తెలియకుండా డబ్బాలు మారుస్తూ పోతే వేలల్లో ఖర్చవుతుంది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది.

కింద చెప్పిన వరుసలోనే చేయండి. ముందు మీ కడుపు సంగతి, తర్వాత లేబుల్, ఆ తర్వాతే కొనడం.

## 1. మీకు పాలు ఎంతవరకు పడతాయో తెలుసుకోండి

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. అది తక్కువగా ఉన్నవాళ్లకి లాక్టోజ్ అరగకుండానే పెద్దపేగులోకి చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టడంతో గ్యాస్ పుడుతుంది. అరగని చక్కెర నీటిని కూడా పేగులోకి లాగుతుంది కాబట్టి మోషన్స్ అవుతాయి.

అయితే ఇది చుక్క కూడా పడకపోవడం కాదు. ఎంత తీసుకున్నామన్నదే ముఖ్యం. లాక్టోజ్ పడనివాళ్లలో చాలామంది ఒక్కసారికి 12 గ్రాముల వరకు పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకోగలరు, భోజనంతో పాటయితే ఇంకా తేలిక. 250 మిల్లీలీటర్ల ఆవుపాలలో ఉండేది దాదాపు అంతే.

మీ పరిమితి తెలుసుకోవడానికి రోజూ తాగే కాఫీయే మంచి ఆధారం. దర్శిని హోటల్లో ఇచ్చే చిన్న గ్లాసు ఫిల్టర్ కాఫీలో 60, 70 మిల్లీలీటర్ల పాలుంటాయనుకుంటే లాక్టోజ్ సుమారు 3 గ్రాములు. రోజుకి రెండు కాఫీలు హాయిగా తాగుతూ, మధ్యాహ్నం పెరుగన్నం కూడా తినగలిగితే, ఒక స్కూపు వేలో ఉండే రెండు గ్రాముల లాక్టోజ్ మీ కడుపుని తలకిందులు చేస్తోందంటే నమ్మడం కష్టం. అప్పుడు వేరే కారణం వెతకాలి. అదే అర గ్లాసు కాఫీకే కడుపు గుడగుడమంటుంటే, మీకు ఆ రెండు గ్రాములు కూడా లెక్కలోకి వస్తాయి.

పెరుగుని పాలతో కలిపి లెక్కేయకండి. తోడుకునేటప్పుడే కొంత లాక్టోజ్ ఖర్చయిపోతుంది, మిగిలినదాన్ని అరిగించడంలో పెరుగులోని బ్యాక్టీరియా సాయపడుతుంది. అందుకే పాలు పడని చాలామందికి పెరుగు పడుతుంది. పెరుగు పడింది కాబట్టి పాలు కూడా పడతాయనుకోవద్దు.

ఇంకా అనుమానంగా ఉంటే సెలవు రోజు ఉదయం పరగడుపున ఒక గ్లాసు మామూలు పాలు తాగి, మూడు గంటలు ఇంకేమీ తినకుండా గమనించండి. కచ్చితంగా తెలియాలంటే గ్యాస్ట్రో ఎంటరాలజిస్ట్ దగ్గర హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ చేయించుకోవచ్చు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. పాల ఎలర్జీ వేరు, లాక్టోజ్ పడకపోవడం వేరు. ఎలర్జీ వచ్చేది పాలలోని ప్రోటీన్ వల్ల. అందుకే లాక్టోజ్ లేని వే కూడా ఎలర్జీ ఉన్నవాళ్లకి ప్రమాదమే. ఈ కింది వాటిలో ఏదైనా ఉంటే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ముందు డాక్టర్‌ని కలవండి:

- పాలు తాగితే దద్దుర్లు, పెదాల వాపు, ఊపిరి ఆడకపోవడం
- మలంలో రక్తం
- కారణం లేకుండా బరువు తగ్గడం
- రాత్రి నిద్రలోంచి లేపేసే విరేచనాలు
- కిడ్నీ సమస్య ఉండి ప్రోటీన్ విషయంలో డాక్టర్ పరిమితి పెట్టడం

## 2. అసలు ఎంత పౌడర్ కావాలో లెక్క వేయండి

సున్నితమైన కడుపు ఉన్నవాళ్లు అవసరానికి మించి పోసుకోకూడదు. రెండు స్కూపులు వేసుకుని ఇబ్బంది పడేవాళ్లలో చాలామందికి నిజానికి ఒక్కటి చాలు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకి సూచించిన ప్రోటీన్ రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాములు. బరువులెత్తే వ్యాయామం క్రమంగా చేసేవాళ్లు 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు తీసుకుంటారు. 64 కిలోల మనిషి జిమ్‌కి వెళ్తుంటే, కిలోకి 1.2 చొప్పున రోజుకి 77 గ్రాములు.

ఇందులో తిండి నుంచి ఎంత వస్తోందో చూడండి. పీజీ భోజనమే అనుకుందాం. ఉదయం ఇడ్లీ సాంబారులో 10 గ్రాములు, మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరుగులో 18, రాత్రి చపాతీ, కూరలో 15, రెండు కోడిగుడ్లలో 12. మొత్తం 55. తగ్గినవి 22 గ్రాములు. అంటే ఒక్క స్కూపు. గుడ్లు ఇంకో రెండు తినగలిగితే, సోయా చంక్స్ కూర చేసుకోగలిగితే అది కూడా సగానికి తగ్గుతుంది. ముందు తిండితో పూడ్చగలిగినంత పూడ్చండి, మిగిలినదానికే పౌడర్.

## 3. డబ్బా ముందువైపు వదిలేసి వెనక్కి తిప్పండి

ముందువైపు పెద్ద అక్షరాలతో "ఐసోలేట్" అని ఉంటుంది, అంటే బాగా వడకట్టిన, లాక్టోజ్ తక్కువున్న రకం. వెనక పదార్థాల జాబితాలో మాత్రం మొదట అంతగా వడకట్టని వే కాన్సెంట్రేట్, తర్వాత ఐసోలేట్ ఉండొచ్చు. జాబితాలో ఎక్కువ బరువున్న పదార్థాన్ని ముందు రాయాలన్నది నియమం. కాబట్టి మొదటి రెండు మూడు పేర్లు చూస్తే డబ్బాలో అసలేముందో తెలిసిపోతుంది. "బ్లెండ్" అన్న మాట కనిపిస్తే దాని పక్కనే ఉన్న పేర్ల వరుస కూడా చదవండి.

లాక్టోజ్ లెక్క. చాలా లేబుళ్ల మీద లాక్టోజ్ ఎంతో విడిగా ఉండదు. కానీ మొత్తం చక్కెరలు, విడిగా కలిపిన చక్కెరలు అని రెండు వరుసలుంటాయి. వే పౌడర్‌లో మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది దాదాపుగా లాక్టోజే. ఉదాహరణకి 100 గ్రాముల పౌడర్‌కి మొత్తం చక్కెరలు 6 గ్రాములు, కలిపినవి సున్నా అని ఉందనుకోండి. 33 గ్రాముల స్కూపులో లాక్టోజ్ సుమారు 2 గ్రాములు. ఈ ఒక్క లెక్క వస్తే చాలు, షాపువాడి మాట మీద ఆధారపడక్కర్లేదు.

పాలపొడి. మందుల షాపుల్లో దొరికే మామూలు ప్రోటీన్ డబ్బాల విషయంలో జాగ్రత్త. డబ్బా మీద సోయా బొమ్మ ఉండి, లోపల స్కిమ్డ్ మిల్క్ పౌడర్ కూడా కలిసి ఉండొచ్చు. కొవ్వు తీసిన పాలపొడిలో దాదాపు సగం బరువు లాక్టోజే. సోయా అనుకుని కొని, పాలు తాగుతున్నట్టే అవుతుంది.

కడుపుని ఉబ్బించే మిగతావి. ఇన్యులిన్, ఎఫ్ఓఎస్, చికోరీ వేరు పీచు అనే పేర్లు చూడండి. పీచు కదా మంచిదే అనిపిస్తుంది, కానీ ఇవి పెద్దపేగులో బాగా పులుస్తాయి. పడనివాళ్లకి కొద్ది గ్రాములకే గ్యాస్ పట్టేస్తుంది. తీపి కోసం వేసే సార్బిటాల్, మాల్టిటాల్, జైలిటాల్ కూడా ఇదే పని చేస్తాయి, పైగా నీటిని లాగి మోషన్స్ తెస్తాయి. ఇవి పౌడర్లలో కంటే ప్రోటీన్ బార్లలో ఎక్కువ. లేబుల్ మీద పేరు బదులు నంబర్ ఉండొచ్చు: సార్బిటాల్ ఐఎన్ఎస్ 420, మాల్టిటాల్ 965, జైలిటాల్ 967.

చిక్కదనం కోసం వేసే గ్వార్ గమ్ నంబర్ 412, జాంథాన్ గమ్ 415. ఇవి కొద్దిగానే ఉంటాయి. అందరికీ ఇబ్బంది కాదు గానీ, కొందరికి కడుపు బరువుగా అనిపిస్తుంది. తీపి కోసం వేసే సుక్రలోజ్ నంబర్ 955. అది సార్బిటాల్‌లా పులిసి గ్యాస్ చేసే రకం కాదు. అందుకే మొదటి అనుమానం దాని మీద పెట్టుకోకండి.

ఎంజైమ్‌లు కలిపామన్న మాట. డబ్బా మీద "డైజెస్టివ్ ఎంజైమ్స్" అని ఉంటే ఏ ఎంజైమ్‌లో చూడండి. పపైన్, బ్రొమెలైన్ ప్రోటీన్‌ని విడగొడతాయి. లాక్టోజ్‌ని అవి ముట్టుకోవు. పాలు పడనివాళ్లకి ఉపయోగపడేది లాక్టేజ్ ఒక్కటే.

## 4. ఏది ముందు, ఏది తర్వాత

వే కాన్సెంట్రేట్. 80 శాతం ప్రోటీన్ రకంలో లాక్టోజ్ సాధారణంగా 4 నుంచి 8 శాతం, అంటే స్కూపుకి రెండు గ్రాములు అటూ ఇటూ. కాఫీ, పెరుగు ఇబ్బంది లేని వాళ్లకి నీళ్లలో కలుపుకుంటే చాలావరకు సరిపోతుంది. ధర తక్కువ. దీన్ని ప్రయత్నించకుండానే కొట్టిపారేయకండి.

వే ఐసోలేట్. ఇంకా వడకట్టిన రకం. ప్రోటీన్ 90 శాతం దగ్గర, లాక్టోజ్ ఒక శాతం కంటే తక్కువ. స్కూపుకి 0.3 గ్రాములు కూడా ఉండదు. కాఫీకే ఇబ్బంది పడేవాళ్లు వేలో దీన్నే చూడాలి. ఫ్లేవర్ లేని రకం కొంటే పదార్థాల జాబితాలో ఒకటి రెండు పేర్లే ఉంటాయి. పౌడర్ నీళ్లలో తేలిగ్గా కలవడానికి వేసే లెసిథిన్ తప్ప ఇంకేమీ లేకపోతే మరీ మంచిది. రుచి చప్పగా ఉంటుందని వెనకాడొద్దు. కడుపు తేరుకున్నాక చిటికెడు కోకో, కాస్త బెల్లం మీరే కలుపుకోవచ్చు. హైడ్రోలైజేట్ అనే ఇంకా ఖరీదైన రకం ఉంది, చేదుగా ఉంటుంది. లాక్టోజ్ ఒక్కటే సమస్య అయితే దానికి డబ్బు పెట్టక్కర్లేదు.

సోయా ఐసోలేట్. పాలకి దూరంగా ఉండాల్సిన వాళ్లకి నా మొదటి సలహా ఇదే. మొక్కల ప్రోటీన్లలో అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ తగినంతగా ఉన్నది సోయా. ఐసోలేట్‌లో ప్రోటీన్ 90 శాతం వరకు ఉంటుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. చూసుకోవాల్సింది ఆ "ఐసోలేట్" అన్న మాటే. సోయా పిండిలో రఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. సెనగలు, అలసందలు తింటే గ్యాస్ రావడానికి కారణం ఇలాంటివే. వాటిని అరిగించే ఎంజైమ్ మనుషులెవరికీ లేదు. ఐసోలేట్ తయారీలో అవి చాలావరకు పోతాయి, పిండిలో ఉండిపోతాయి. లేబుల్ మీద సోయా ఫ్లోర్ అని ఉంటే సున్నితమైన కడుపుకి వద్దు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకి ఒక మాట. సోయా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు. ఉదయం పరగడుపున మాత్ర వేసుకుంటే సోయా షేక్‌ని సాయంత్రానికి మార్చుకోండి, డాక్టర్‌కి చెప్పండి. మగవాళ్లకి సోయా వల్ల హార్మోన్లు దెబ్బతింటాయన్న భయం మాత్రం అక్కర్లేదు. మామూలు మోతాదులో టెస్టోస్టెరాన్ తగ్గినట్టు మనుషుల మీద జరిగిన పరిశోధనల్లో తేలలేదు.

బఠానీ, బియ్యం ప్రోటీన్. ప్లాంట్ ప్రోటీన్ పేరుతో అమ్మేవి ఎక్కువగా పసుపు బఠానీ ఐసోలేట్, గోధుమరంగు బియ్యం ప్రోటీన్ కలిపినవి. బఠానీలో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో లైసిన్ తక్కువ, కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మన పప్పన్నంలో జరిగేది కూడా ఇదే. పాలు, సోయా రెండూ పడనివాళ్లకి ఇది దారి. కాకపోతే ఇసుక నోట్లో పడ్డట్టు గరుగ్గా ఉంటుంది. ఆ గరుకు, మట్టి వాసన కప్పడానికే గమ్ములు, పీచులు, ఫ్లేవర్లు ఎక్కువ వేస్తారు. అందుకే ప్లాంట్ పౌడర్ కొనేటప్పుడే పదార్థాల జాబితా ఎక్కువ జాగ్రత్తగా చదవాలి. బీపీ ఉన్నవాళ్లు సోడియం వరుస కూడా చూడండి, సోయా, బఠానీ ఐసోలేట్లలో అది కాస్త ఎక్కువే ఉంటుంది.

మొలకెత్తిన గింజలు, ఇరవై రకాల ఆకుల పొడులు కలిపామని చెప్పే డబ్బాల జోలికి మొదట్లోనే వెళ్లకండి. కడుపు చెడితే ఆ ఇరవైలో దేనివల్లో ఎలా తెలుస్తుంది?

## 5. కొనేటప్పుడు

మొదటిసారి పెద్ద డబ్బా కొనకండి. రెండు కిలోల మీద ఎంత తగ్గింపు ఇచ్చినా, పడకపోతే అది నష్టమే. ఒక్కో స్కూపు సాషేలు అయిదారు దొరికితే తెచ్చుకోండి, లేదంటే అర కిలో ప్యాకెట్.

- ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ 14 అంకెల నంబర్ ఉందా? foscos.fssai.gov.in లో ఆ నంబర్ కొట్టి కంపెనీ పేరు సరిపోయిందో చూడండి.
- విదేశీ డబ్బా అయితే దిగుమతిదారు పేరు, లైసెన్స్ నంబర్‌తో స్టిక్కర్ ఉందా?
- ఎలర్జీ సమాచారంలో పాలు, సోయా గురించి ఏం రాశారు?
- బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, గడువు తేదీ స్పష్టంగా ఉన్నాయా?
- లోపలి సీల్ చెక్కుచెదరకుండా ఉందా?

జిమ్‌లో విడిగా కవర్‌లో పోసి ఇచ్చే పౌడర్ తీసుకోవద్దు. అందులో ఏముందో చదవడానికి లేబులే లేదు.

## 6. వారం రోజుల పరీక్ష

ముందు మూడు రోజులు ఏ పౌడరూ వద్దు. రోజూ తినేదే తినండి. కడుపు మామూలుగా ఎలా ఉంటుందో ఫోన్‌లో రెండు ముక్కలు రాసుకోండి. పీజీ రాజ్మా వల్ల వచ్చిన గ్యాస్‌ని పౌడర్ ఖాతాలో వేయకుండా ఉండాలంటే ఇది తప్పదు.

శనివారం ఉదయం మొదలుపెట్టండి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా కడుపు తిప్పితే ఆ టెన్షన్‌కే ఇంకో నాలుగు లక్షణాలు తోడవుతాయి.

శని, ఆదివారాలు: స్కూపులో మూడో వంతు, అంటే దాదాపు 10 గ్రాములు, 200 మిల్లీలీటర్ల నీళ్లలో. టిఫిన్ తిన్న గంటకి.

సోమ, మంగళవారాలు: అర స్కూపు, 250 మిల్లీలీటర్ల నీళ్లలో, అదే సమయానికి.

బుధవారం నుంచి శుక్రవారం వరకు: పూర్తి స్కూపు, 300 మిల్లీలీటర్ల నీళ్లలో. బఠానీ పౌడర్ అయితే ఇంకో 50 కలపండి.

షేకర్‌లో ముందు నీళ్లు పోసి, తర్వాత పౌడర్ వేయండి. కలిపాక మూత తీసి అయిదు నిమిషాలు పక్కన పెడితే నురుగు దిగుతుంది. ఆ నురుగంతా గాలే, దాన్ని మింగితే తేన్పులు రాక తప్పదు. గటగటా తాగేయకుండా పది నిమిషాలు తీసుకుని మెల్లగా తాగండి.

ఈ వారంలో పాలు కలపొద్దు, అరటిపండు, ఓట్స్, పీనట్ బటర్ వేయొద్దు. కొత్త విటమిన్ మాత్రలు, క్రియాటిన్ లాంటివి కూడా మొదలుపెట్టొద్దు. రోజూ తాగే కాఫీ మాత్రం అలాగే ఉంచండి. ఒక్క మెట్టులో ఇబ్బంది వస్తే కిందిమెట్టుకి దిగి రెండు రోజులు ఉండండి. మళ్లీ పైకి వెళ్లినప్పుడు అదే ఇబ్బంది వస్తే ఆ పౌడర్‌కి మీ హద్దు తెలిసినట్టే.

## 7. ఇబ్బంది ఎప్పుడు వచ్చిందో చూడండి

ఏమైందన్నదే కాదు, తాగిన ఎంతసేపటికి అన్నది కూడా రాసుకోండి. అసలు ఆచూకీ అక్కడే దొరుకుతుంది.

తాగుతుండగానే, లేదా పావుగంటలో పైకడుపు బరువుగా, తేన్పులతో ఉంటే నురుగు, చిక్కదనం, తొందరగా తాగడం కారణం కావొచ్చు. నీళ్లు పెంచండి, గమ్ములు లేని రకం చూడండి.

అరగంట నుంచి రెండు గంటల్లోపు గుడగుడలు, గ్యాస్, పల్చటి మోషన్ వస్తే లాక్టోజ్ మీద, సార్బిటాల్ జాతి తీపి పదార్థాల మీద అనుమానం పెట్టుకోవాలి. వే లేబుల్‌లో చక్కెరల లెక్క మళ్లీ చూడండి.

నాలుగైదు గంటల తర్వాత, సాయంత్రానికి పొట్ట డోలులా బిగిసి గ్యాస్ పోతుంటే ఇన్యులిన్ లాంటి పీచు, సోయా పిండి, సరిగా శుద్ధి చేయని పప్పు ప్రోటీన్ వైపు చూడండి.

ఈ సమయాలు మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. అందుకే ఒక్క రోజు చూసి తీర్పు చెప్పకండి, కనీసం రెండుసార్లు అదే జరగాలి. దురద, దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తే మాత్రం రెండోసారి చూడొద్దు. వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి.

## 8. కిరణ్ విషయంలో ఏం జరిగిందంటే

కిరణ్ మా పెద్దమ్మ కొడుకు. మారతహళ్లిలో పీజీలో ఉంటాడు, బరువు 64 కిలోలు. జిమ్ నుంచి వచ్చి 300 మిల్లీలీటర్ల పాలలో ఒక స్కూపు వే కాన్సెంట్రేట్, ఒక అరటిపండు వేసి తాగేవాడు. ఆఫీసు క్యాబ్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేసరికి కడుపులో గుడగుడలు మొదలయ్యేవి. వే పడట్లేదని తేల్చేసుకుని ప్లాంట్ ప్రోటీన్ డబ్బా కొన్నాడు. ఉదయం గుడగుడలు తగ్గలేదు, పైగా సాయంత్రం పొట్ట బిగుసుకుపోవడం కొత్తగా మొదలైంది.

"అన్నా, నాకు ఏ ప్రోటీనూ పడదేమో" అన్నాడు ఫోన్‌లో.

"పాలు ఆపావా?" అని అడిగితే, లేదు, ప్లాంట్ పౌడర్ కూడా పాలలోనే కలుపుతున్నానన్నాడు.

రెండు డబ్బాల లేబుళ్ల ఫొటోలు పంపమన్నాను. వే డబ్బా మీద 100 గ్రాములకి చక్కెరలు 6 గ్రాములు, కలిపినవి సున్నా, స్కూపు 33 గ్రాములు. అంటే పౌడర్ నుంచి లాక్టోజ్ 2 గ్రాములు. 300 మిల్లీలీటర్ల పాల నుంచి వచ్చేది దాదాపు 14 గ్రాములు. మొత్తం 16 గ్రాముల్లో పౌడర్ వాటా ఎనిమిదో వంతు. ఇక ప్లాంట్ డబ్బాలో బఠానీ, బియ్యం ప్రోటీన్ల తర్వాత మూడో పేరు ఇన్యులిన్. ఉదయం బాధ పాల వల్ల, సాయంత్రం బాధ ఇన్యులిన్ వల్ల అయ్యుండాలి. పైగా వాడు రోజుకి రెండు ఫిల్టర్ కాఫీలు ఏ ఇబ్బందీ లేకుండా తాగుతాడు.

కొత్తది కొనొద్దని చెప్పాను. మూడు రోజులు అన్నీ ఆపి, పాత వే కాన్సెంట్రేట్‌నే నీళ్లలో మూడో వంతు స్కూపుతో మొదలుపెట్టాడు. పూర్తి స్కూపు వరకు వచ్చినా గుడగుడలు రాలేదు. మొదటి రెండు రోజులు తేన్పులు వచ్చాయి, నురుగు దిగనిచ్చి తాగాక అవీ తగ్గాయి. తర్వాత అరటిపండు మళ్లీ చేర్చాడు, ఏమీ కాలేదు. ఇప్పుడు అదే డబ్బాతో నడుస్తోంది. కాఫీ కూడా పడని మనిషి అయితే ఇదే లెక్కతో నేను ఫ్లేవర్ లేని ఐసోలేట్‌కి వెళ్లమనేవాడిని. అది కూడా నీళ్లలో కలిపితే పడకపోతే సోయా ఐసోలేట్.

## 9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటిని సరిదిద్దుకునే తీరు

పాలకి బదులు ఏదో ఒక ప్లాంట్ మిల్క్ కలపడం. బాదం పాల డబ్బాల్లో కూడా గమ్ములు, చక్కెర ఉంటాయి. పరీక్ష వారంలో నీళ్లే వాడండి. తర్వాత చిక్కగా కావాలంటే లాక్టోజ్ లేని పాలు చూడొచ్చు. అందులో లాక్టేజ్ వేసి లాక్టోజ్‌ని ముందే విడగొట్టి ఉంటారు, అందుకే కాస్త తియ్యగా ఉంటాయి.

మాస్ గెయినర్‌ని ప్రోటీన్ పౌడర్ అనుకోవడం. ఒక్కసారికి వంద గ్రాములు పోసుకోమని చెప్పే డబ్బా అది. అందులో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం, చాలాసార్లు పాలపొడి కూడా. సున్నితమైన కడుపుకి ఆ పరిమాణమే భారం.

వేడి జావలో వే కలపడం. మరుగుతున్న రాగిజావలో వేస్తే వే ఉండలు కట్టి రబ్బరు ముక్కల్లా అవుతుంది. జావ గోరువెచ్చగా అయ్యాక, పౌడర్‌ని విడిగా కాసిని చల్లటి నీళ్లలో కలిపి పోయండి. వంటలో వాడాలంటే సోయా, బఠానీ ఐసోలేట్ నయం. దోశ పోసేముందు ఇద్దరికి సరిపడా పిండిలో రెండు చెంచాలు కలిపి, కాస్త నీళ్లు చిలకరించి జారుగా చేసుకుంటే తేడా పెద్దగా తెలియదు.

షేకర్ సరిగా కడగకపోవడం. జిమ్ బ్యాగ్‌లో సాయంత్రం దాకా మూత పెట్టి ఉంచిన షేకర్‌లో మిగిలిన ప్రోటీన్ పాడై వాసనొస్తుంది. కడుపు చెడడానికి అది కూడా చాలు. తాగిన వెంటనే నీళ్లు పోసి తొలిచి, ఇంటికి రాగానే మూతలోని రబ్బరు రింగు తీసి సబ్బుతో కడగండి. కలిపిన షేక్‌ని ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా బ్యాగ్‌లో మోయకండి. పౌడర్ పొడిగా తీసుకెళ్లి, అక్కడే నీళ్లు కలుపుకోండి.

లాక్టేజ్ మాత్ర తప్పు సమయంలో వేసుకోవడం. మందుల షాపుల్లో దొరికే ఈ మాత్రలు మొదటి గుక్కతో పాటు వేసుకుంటేనే పనిచేస్తాయి. కడుపు ఉబ్బాక వేసుకుంటే ప్రయోజనం లేదు. బఠానీ, సోయా పౌడర్ల గ్యాస్‌కి కూడా ఇవి పనికిరావు.

## 10. పడింది అని తేలాక

ఫ్లేవర్ మారిస్తే మళ్లీ లేబుల్ చదవండి. ఒకే కంపెనీ, ఒకే రకం అయినా వెనిల్లాలో లేని పీచు చాక్లెట్ రకంలో ఉండొచ్చు. కంపెనీలు అప్పుడప్పుడు పదార్థాల జాబితా మారుస్తుంటాయి, డబ్బా మాత్రం చూడటానికి అలాగే ఉంటుంది. పాత లేబుల్ ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకుని, కొత్త డబ్బా వచ్చినప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే రెండు రోజులు మూడో వంతు స్కూపుతో మళ్లీ మొదలుపెట్టండి.

యాంటీబయాటిక్స్ వాడాక, వాంతులు విరేచనాలతో జబ్బుపడి లేచాక, కొన్ని వారాలు పాలు ఇంతకుముందులా పడకపోవచ్చు. పేగు గోడ దెబ్బతిన్నప్పుడు లాక్టేజ్ తాత్కాలికంగా తగ్గుతుంది. అప్పుడు కాన్సెంట్రేట్ పక్కన పెట్టి, మొదట గుడ్లు, పెరుగన్నం, పెసరకట్టు లాంటి తేలికపాటి తిండితో నడిపించి, కడుపు కుదుటపడ్డాక అర స్కూపుతో తిరిగి మొదలుపెట్టండి.